ఆగిపోయింది వోల్టేజీ, మూర్ సూత్రం కాదు

2018లో మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. దాని ప్రాసెసర్ కోర్ ఐ7-8550యు. కొన్న రెండో రోజునే ఫోన్ చేసి, "మావయ్యా, 2004లో నువ్వు కొన్న ఆ పాత డబ్బా 3 గిగాహెర్ట్జ్ అన్నావు, నా దాని మీద 1.8 అని ఉందేమిటి? మోసపోయానా?" అని అడిగాడు. మోసమేమీ లేదని చెప్పాను. మరి పద్నాలుగేళ్లలో అంకె పెరగకపోగా ఎందుకు తగ్గిందని అడిగితే, వాళ్ల తరగతిలో విన్న కారణం వాడే చెప్పేశాడు: మూర్ సూత్రం ఆగిపోయిందట, ట్రాన్సిస్టర్లు ఇక చిన్నవి కావట, అందుకే కోర్లు పెంచుతున్నారట.

ఈ వివరణ నేను చాలాచోట్ల విన్నాను, చదివాను. ఇది తప్పని నా అభిప్రాయం. చిన్న తప్పు కూడా కాదు, కారణాన్నే తారుమారు చేసే తప్పు. 2004 ప్రాంతంలో ట్రాన్సిస్టర్లు చిన్నవి కావడం ఆగలేదు, ఆ తరువాత కూడా అవి చాలా ఏళ్లు నిక్షేపంగా చిన్నవవుతూనే వచ్చాయి. ఆగిపోయింది వాటికి ఇచ్చే వోల్టేజీ తగ్గడం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే గిగాహెర్ట్జ్ ఎందుకు నిలిచిపోయాయో, రెండు కోర్లు, నాలుగు కోర్లు ఎందుకు వచ్చాయో, ఇప్పటి చిప్పుల్లో పెద్ద భాగం ఎందుకు ఆరిపోయి ఉంటుందో అన్నీ ఒకే దారంలో అర్థమవుతాయి.

మూర్ 1965లో చెప్పింది లెక్కకు సంబంధించిన మాట మాత్రమే: ఒక చిప్పులో లాభసాటిగా ఎన్ని భాగాలు పట్టించవచ్చో ఆ సంఖ్య క్రమంగా రెట్టింపవుతుందన్నాడు. చిన్నదైన ట్రాన్సిస్టర్ వేగంగా పనిచేస్తుందని గానీ, తక్కువ కరెంటు తాగుతుందని గానీ ఆ మాటలో లేదు. ఆ హామీ 1974లో ఐబీఎంలో పనిచేసే రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ప్రచురించిన పత్రం నుంచి వచ్చింది. ట్రాన్సిస్టర్ పొడవు, వెడల్పు, దాన్ని వెలిగించి ఆర్పే గేటు కింది ఆక్సైడ్ పొర మందం, ట్రాన్సిస్టర్‌కిచ్చే వోల్టేజీ, వీటన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే లోపలి విద్యుత్ క్షేత్రం మారకుండా ఉంటుందని, అప్పుడు ట్రాన్సిస్టర్ వేగం పెరిగినా చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి మాత్రం పెరగదని వాళ్లు చూపించారు.

లెక్క చిన్నదే కనుక ఇక్కడే చేసి చూద్దాం. మారుతూ ఉండే సర్క్యూట్ ఖర్చు చేసే విద్యుత్తుకు సూత్రం ఇది:

```
P = α C V² f
```

ఇందులో α అంటే సర్క్యూట్‌లో ఎంత భాగం ఒక్కో క్లాక్‌కు నిజంగా మారుతోంది అన్నది, C కెపాసిటెన్స్, V వోల్టేజీ, f క్లాక్ వేగం, అంటే గిగాహెర్ట్జ్‌లో చెప్పే అంకె. ఒక తరం నుంచి తరువాతి తరానికి కొలతలు 0.7 వంతు అవుతాయనుకుందాం. C 0.7 అవుతుంది, V 0.7 అవుతుంది, వేగం 1.4 రెట్లవుతుంది. 0.7ను 0.49తో, దాన్ని 1.4తో గుణిస్తే వచ్చేది దాదాపు 0.48. అంటే ఒక్కో ట్రాన్సిస్టర్ తినే విద్యుత్తు సగానికి పడింది. అదే జాగాలో ఇప్పుడు రెండు ట్రాన్సిస్టర్లు పడతాయి కాబట్టి మొత్తం వేడి పాతదే. సంఖ్య రెట్టింపు, వేగం నలభై శాతం అదనం, కరెంటు ఖర్చు మాత్రం ఉన్నంతే.

ఇప్పుడు ఇదే లెక్కలో V ఒక్కదాన్నీ కదలనివ్వకండి. 0.7ను 1.4తో గుణిస్తే 0.98. ఒక్కో ట్రాన్సిస్టర్ ఖర్చు తగ్గలేదు, కానీ అదే జాగాలో రెండు కూర్చున్నాయి. వేడి ఒక్క తరంలోనే రెట్టింపయింది. వోల్టేజీకి వర్గం ఉండడం వల్ల లాభంలో సింహభాగం అక్కడే దాగి ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

నిజానికి పరిశ్రమ డెన్నార్డ్ చెప్పినట్టు మొదటి నుంచీ నడుచుకోలేదు. పాత చిప్పులతో పొంతన కుదరాలని చాలా ఏళ్లు 5 వోల్టులనే పట్టుకు వేలాడింది. 1993లో వచ్చిన మొదటి పెంటియం కూడా 5 వోల్టులదే. ఆ తరువాత మాత్రం దిగుడు మెట్లు గబగబా దిగినట్టు 3.3కు, 1998 నాటి పెంటియం 2లో 2 వోల్టులకు, 2002లో నార్త్‌వుడ్ అనే పెంటియం 4లో 1.5 వోల్టులకు వచ్చేసింది. తొమ్మిదేళ్లలో 5 నుంచి 1.5. గిగాహెర్ట్జ్ పరుగులు తీసిన కాలం సరిగ్గా ఇదేనన్నది గమనించాలి. అక్కడి నుంచి ఇరవై ఏళ్లు దాటినా, వేగంగా నడిచే కోర్‌కు ఇప్పటికీ ఇంచుమించు 1 వోల్టు కావాలి. అదే జోరు కొనసాగి ఉంటే ఈపాటికి వోల్టులో పదో వంతుకు దిగి ఉండేది.

ఎందుకు దిగలేదు? ఇక్కడ కాస్త నిదానంగా వెళ్లాలి, ఎందుకంటే మొత్తం కథకు మూలం ఇదే.

ట్రాన్సిస్టర్ స్విచ్చి లాంటిదని బడిలో చెబుతారు. గేటు మీద వోల్టేజీ ఒక హద్దు దాటితే వెలుగుతుంది, దాటకపోతే ఆరుతుంది. ఆ హద్దును థ్రెషోల్డ్ వోల్టేజీ అంటారు. అయితే హద్దుకు కిందికి రాగానే కరెంటు టక్కున సున్నా కాదు. గట్టిగా కట్టినా చుక్కచుక్కగా కారే కుళాయిలా కొంత కారుతూనే ఉంటుంది. హద్దు నుంచి ఎంత కిందికి దిగితే అంత తగ్గుతుంది గానీ, ఆ తగ్గడానికి ప్రకృతి ఒక రేటు పెట్టింది: కారే కరెంటు పదో వంతు కావాలంటే గేటు వోల్టేజీ కనీసం 60 మిల్లీవోల్టులు తగ్గాలి. ఇది గది ఉష్ణోగ్రత దగ్గరి అంకె. ఎలక్ట్రాన్లు వేడి వల్ల పొందే శక్తి నుంచి నేరుగా వచ్చిన అంకె కాబట్టి ట్రాన్సిస్టర్‌ను ఎంత చిన్నది చేసినా ఇది మారదు. చిప్పు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. ఆ రోజుల్లోని నిజమైన ట్రాన్సిస్టర్లలో ఇది వంద మిల్లీవోల్టుల దాకా ఉండేది.

ఇప్పుడు వోల్టేజీ 0.7 వంతు చేయాలంటే థ్రెషోల్డ్‌ను కూడా 0.7 వంతు చేయాలి. అలా చేయకపోతే ఏమవుతుంది? వోల్టేజీ 1.0, థ్రెషోల్డ్ 0.35 అనుకుంటే ట్రాన్సిస్టర్‌ను నడిపించే మిగులు 0.65 వోల్టులు. వోల్టేజీని 0.7కు తగ్గించి థ్రెషోల్డ్‌ను అక్కడే ఉంచితే మిగులు 0.35 మాత్రమే, అంటే దాదాపు సగం. సర్క్యూట్ నీరసపడి వేగం పోతుంది. పోనీ థ్రెషోల్డ్‌నే 0.35 నుంచి 0.245కు దించుదామంటే, వంద మిల్లీవోల్టులు దగ్గరికొచ్చాం గనుక కారే కరెంటు పది రెట్లవుతుంది. ట్రాన్సిస్టర్ల సంఖ్య రెట్టింపైనా, ఒక్కోదాని వెడల్పు 0.7, వోల్టేజీ 0.7 కాబట్టి ఆ మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పది రెట్లు మాత్రం అలాగే మిగులుతుంది. వంద వాట్ల చిప్పులో లీకేజీ వాటా పది వాట్లు ఉందనుకుంటే, తరువాతి తరంలో ఏ పనీ చేయకుండా ఊరికే కారిపోయేదే వంద వాట్లు. అది చాలదన్నట్టు లీకేజీ వల్ల చిప్పు వేడెక్కుతుంది, వేడి వల్ల లీకేజీ మళ్లీ పెరుగుతుంది.

అందుకని డిజైనర్లు థ్రెషోల్డ్‌ను అక్కడితో ఆపేశారు. థ్రెషోల్డ్ ఆగింది కాబట్టి వోల్టేజీ ఆగింది. వోల్టేజీ ఆగింది కాబట్టి వేడి పెరిగింది. దీనికే పవర్ వాల్ అని పేరు. ఆక్సైడ్ పొర 90 నానోమీటర్లని పిలిచే చిప్పుల తరానికి 1.2 నానోమీటర్లకు, అంటే నాలుగైదు పరమాణువుల మందానికి పలచబడి, గేటు గుండా కూడా కరెంటు కారడం మొదలైంది. కానీ దానికి 2007లో హాఫ్నియం కలిసిన కొత్త పదార్థంతో మందు దొరికింది. థ్రెషోల్డ్ కిందనుంచి కారే కరెంటుకు అలాంటి పూర్తి మందు ఇప్పటికీ లేదు. డెన్నార్డ్ పత్రంలోనే ఈ ఒక్క లక్షణం మిగతావాటిలా తగ్గదని, చిన్న డైనమిక్ మెమరీ సర్క్యూట్లకు ఇది ఆలోచించవలసిన విషయమని రాసి ఉంది. బిట్లను చార్జి రూపంలో దాచే డైనమిక్ మెమరీని కనిపెట్టినవాడు ఆయనే కాబట్టి కారిపోయే చార్జి సంగతి ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది! ముప్పై ఏళ్లు ఎవరికీ దాని అవసరం పడలేదు, అంతే.

గోడ తగిలిన ఘడియ కళ్లకు కట్టాలంటే 2004 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్కాట్ అనే పెంటియం 4ను చూడాలి. దానికి ముందున్న నార్త్‌వుడ్ 130 నానోమీటర్లది. దానిలో 5.5 కోట్ల ట్రాన్సిస్టర్లు, 131 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క, 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర 89 వాట్లు. ప్రెస్కాట్ 90 నానోమీటర్లది. 12.5 కోట్ల ట్రాన్సిస్టర్లు, 112 చదరపు మిల్లీమీటర్లు, అదే 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర 103 వాట్లు. చదరపు సెంటీమీటరుకు లెక్కేస్తే 68 వాట్ల నుంచి 92 వాట్లకు ఎగబాకింది. పోల్చడానికి వంటింట్లోని ఎలక్ట్రిక్ స్టవ్ తీసుకుందాం: 1500 వాట్లు, 18 సెంటీమీటర్ల పళ్లెం అనుకుంటే చదరపు సెంటీమీటరుకు ఆరు వాట్లు. అంటే అన్నం ఉడికే మంటకు పదిహేను రెట్లు, గోరంత జాగాలో, ఒక ఫ్యాన్‌తో చల్లార్చాలి. పాత పద్ధతిలో కొత్త తరం రాగానే వేడి తగ్గాలి లేదా వేగం పెరగాలి. ఇక్కడ రెండూ జరగలేదు. క్లాక్‌ను ఇంకా పైకి తోయాలని ఒక్కో ఆదేశాన్ని దశలుగా నడిపించే పైప్‌లైన్‌ను 20 దశల నుంచి 31 దశలకు పొడిగించారు. పైకి తోయడానికి వేడి ఒప్పుకోలేదు, పొడుగు పైప్‌లైన్ వల్ల అదే క్లాక్ దగ్గర కొన్ని పనుల్లో ప్రెస్కాట్ తన అన్నగారి కంటే వెనకబడింది కూడా.

ఆ ఏడాది మే నెలలో ఇంటెల్ దీని తరువాత రావలసిన తేజస్ అనే డిజైన్‌ను రద్దు చేసింది. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను కూడా విరమించుకుంది. అప్పటి అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభావేదిక మీద సరదాగా మోకాళ్ల మీద కూర్చుని అందుకు క్షమాపణ అడిగాడు. ఎవరికీ తెలియకుండా వచ్చిపడిన ఉపద్రవమేమీ కాదది. ఇంటెల్‌కే చెందిన పాట్ గెల్సింగర్ 2001లోనే ఒక సదస్సులో, ఇలాగే సాగితే చిప్పుల వేడి సాంద్రత అణు రియాక్టర్‌ను, ఆపైన రాకెట్ నాజిల్‌ను అందుకుంటుందని గ్రాఫ్ గీసి చూపించాడు.

ఇక కోర్ల సంగతి. దీని మూలం 2004 కంటే పాతది. 1992లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చంద్రకాసన్, షెంగ్, బ్రాడర్సన్ ఒక పత్రం రాశారు. 5 వోల్టులతో నడిచే ఒక చిన్న లెక్కల సర్క్యూట్‌ను తీసుకుని, దానికి జంటగా ఇంకొకటి పెట్టి, రెండింటినీ సగం వేగంతో నడిపారు. మొత్తం పని అంతే జరుగుతుంది. సగం వేగం చాలు కనుక వోల్టేజీని 2.9కి దించగలిగారు. కెపాసిటెన్స్ 2.15 రెట్లు, వోల్టేజీ వర్గం 0.34, వేగం సగం. గుణిస్తే 0.36. జాగా మూడు రెట్లు దాటింది గానీ, అదే పని మూడో వంతు పైచిలుకు కరెంటుతో అయిపోయింది. జాగా ఇచ్చి కరెంటు కొనుక్కోవడమన్నమాట.

2005 నుంచి ప్రాసెసర్ డిజైనర్లు చేసింది ఈ బేరమే. మూర్ సూత్రం పుణ్యమా అని జాగా ఎలాగూ చవగ్గా వస్తోంది. ఒక కోర్ క్లాక్‌ను 20 శాతం తగ్గించి, వోల్టేజీని కూడా దాదాపు అంతే తగ్గించగలిగితే, ఖర్చు 0.8 ఘనం, అంటే 0.51 అవుతుంది. అలాంటివి రెండు పెడితే పాత కోర్ ఖర్చులోనే 1.6 రెట్ల పని. ఏఎండీ, ఇంటెల్ రెండూ 2005లో రెండు కోర్ల చిప్పులను తెచ్చాయి. 2006లో వచ్చిన కోర్ 2 డుయో ఇ6600 2.4 గిగాహెర్ట్జ్, 65 వాట్లతో ప్రెస్కాట్‌ను చిత్తు చేసింది.

ఇక్కడే నా వాదన. బహుళ కోర్లను అప్పట్లో ముందడుగుగా, కొత్త యుగంగా అమ్మారు. నా దృష్టిలో అది దాచుకున్న సొమ్ములోంచి ఒక్కసారి తీసుకున్న మొత్తం. ఆ బేరంలో లాభమంతా వోల్టేజీ తగ్గించడంలోంచి వచ్చింది. 5 వోల్టుల నుంచి 2.9కి దిగడానికి 1992లో బోలెడు చోటుంది. 1.3 వోల్టుల నుంచి 1.1కి దిగడానికి 2005లోనూ కాస్త ఉంది. థ్రెషోల్డ్‌కు దగ్గరపడే కొద్దీ ఆ కాస్తా కరిగిపోతుంది. ఒక మోతాదు దాటి తగ్గిస్తే చిప్పులోనే ఉండే చిన్న మెమరీ అయిన క్యాష్‌లోని గడులు తమ బిట్లను నిలబెట్టుకోలేవు, చిప్పులో ఒక్కో ట్రాన్సిస్టర్ ఒక్కోలా తయారవడం వల్ల బలహీనమైనవి ముందుగా తడబడతాయి. ఆ అడుగుకు చేరాక క్లాక్ తగ్గించినా ఘనం వర్తించదు. సగం వేగానికి సగం ఖర్చే, రెండు కోర్లు పెడితే ఖర్చూ పనీ రెండూ మొదటికే. ప్రోగ్రాములను ముక్కలు చేయడం కష్టమన్న ఫిర్యాదు అందరూ చేసేదే. అందులో నిజముంది, వందలో ఐదు వంతులు ఒకదాని తరువాత ఒకటిగానే జరగాల్సిన పనికి 16 కోర్లు పెట్టినా 9 రెట్లు మాత్రమే వస్తుంది. కానీ అందరూ మహా తెలివిగా ప్రోగ్రాములు రాసినా కరెంటు లెక్క మాత్రం మారదు.

మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి ఈ సంగతే చూపించాను. ఒక టెర్మినల్‌లో చిప్పు వేగం, వాట్లు చూపే మొదటి వరుస, ఇంకొకదానిలో కోర్లకు ఊపిరాడకుండా పని చెప్పే రెండోది:

```
sudo turbostat --quiet --interval 5 --show Busy%,Bzy_MHz,PkgWatt,PkgTmp
stress-ng --cpu 8 --timeout 120
```

దాని ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు, ఒక్కోదానికి రెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే రెండు పనుల వరుసలు. ఒక్క కోర్ మాత్రమే పనిచేస్తే 4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుందని ఇంటెల్ చెబుతుంది, 15 వాట్లు దీర్ఘకాలపు హద్దు. ఎనిమిది థ్రెడ్లకూ పని చెప్పగానే మొదటి అర నిమిషం పాటు `PkgWatt` ఆ హద్దును దాటి ఎగిసింది. తరువాత 15 దగ్గరికి దిగి నిలబడింది, `Bzy_MHz` కూడా దానితోపాటే రెండున్నర గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలకు జారింది. `--cpu 1` అని మార్చగానే ఆ ఒక్క కోర్ క్లాక్ మళ్లీ పైకి లేచింది. "అంటే నాలుగూ ఒకేసారి పూర్తి వేగంతో ఎప్పుడూ నడవవా?" అన్నాడు వాడు. అర నిమిషం నడుస్తాయి, ఆ తరువాత పంచుకోవాల్సిందే అన్నాను. డబ్బా మీది 1.8 ఆ పంపకంలో కంపెనీ ఇచ్చే కనీసపు మాట. పైనున్న 4 అంటే మిగతావాళ్లు పస్తున్నప్పుడు ఒక్కడికి దక్కే ముద్ద.

ఈ పంపకం చిప్పు మొత్తానికి విస్తరిస్తే దాని పేరు డార్క్ సిలికాన్. క్లాక్ పెంచకుండా, వోల్టేజీ మార్చకుండా ఒక్కో తరం దాటుదాం. ట్రాన్సిస్టర్లు రెట్టింపు, ఒక్కోసారి మారడానికి అయ్యే శక్తి 0.7. మొత్తం ఖర్చు 1.4 రెట్లు. చల్లార్చే శక్తి పెరగదు కాబట్టి 71 శాతం మాత్రమే వెలిగించగలం. రెండు తరాలకు సగం. మూడు తరాలకు 36 శాతం. 2011లో ఇస్మాయిల్‌జాదే, డగ్ బర్గర్ తదితరులు ఇంకా నిశితంగా లెక్కకట్టి, 22 నానోమీటర్ల దగ్గర చిప్పులో 21 శాతం, 8 నానోమీటర్ల దగ్గర సగానికి పైగా ఆర్పి ఉంచక తప్పదని అంచనా వేశారు. మరుసటి ఏడాదే వచ్చిన ఫిన్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు కరెంటు పారే దారికి మూడు వైపులా గేటును చుట్టి, లీకేజీ రేటును వంద మిల్లీవోల్టుల వైపు నుంచి 60 వైపుకు కొంత లాగి, కాస్త ఊపిరి పోశాయి. 60ని మాత్రం అవీ దాటలేవు.

ఆరి ఉండడమంటే చిప్పులో ఒక మూల నల్లగా ఎప్పటికీ పడి ఉంటుందని కాదు. వాడని కోర్‌కు కరెంటు వచ్చే దారిలోనే పెద్ద ట్రాన్సిస్టర్లు పెట్టి దాన్ని పూర్తిగా కట్టేస్తారు, వంతులవారీగా వెలిగిస్తారు. క్యాష్ ఎప్పుడూ మసకగానే ఉంటుంది, దానిలో ఒక్కో క్షణాన కదిలేది బహు కొద్ది భాగం. ఇటీవలి చిప్పుల్లో క్యాష్ అంతలా పెరగడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఎలాగూ అన్నీ ఒకేసారి వెలగవు కనుక, ఒక్కోటీ ఒక్క పనికే పనికొచ్చేలా ఎందుకు పెట్టకూడదన్నది డిజైనర్లకు తట్టిన తరువాతి ఆలోచన. మామూలు కోర్ ఒక కూడిక చేయాలంటే, ఆ కూడికకంటే దాన్ని పిలిచి, అర్థం చేసుకుని, వరుసలో పెట్టడానికే ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. వీడియో విప్పడానికే పుట్టిన సర్క్యూట్‌కు ఆ తతంగం అక్కర్లేదు. ఫోన్లలోని చిప్పు నిండా కెమెరాకు ఒకటి, వీడియోకు ఒకటి, మాట గుర్తించడానికి ఒకటి అని గదులు గదులుగా ఉండడం ఇందుకే. కోర్ల సంఖ్య చూసి ఫోన్ కొనేవాళ్లు, రోజంతా ఎక్కువగా పనిచేసేది ఆ లెక్కలోకి రాని గదులని గమనించరు.

ఆ రోజు చివరగా వాడి చేత ఇంకో పని చేయించాను. `turbostat` అలా నడుస్తుండగానే ఒకే వీడియోను రెండు రకాలుగా, మొదట మామూలు కోర్లతోనే, తరువాత వీడియోకే పుట్టిన సర్క్యూట్‌తో ఆడించమన్నాను:

```
mpv --hwdec=no paata.mp4
mpv --hwdec=auto paata.mp4
```

మొదటిసారి కోర్లన్నీ పనిలో పడ్డాయి, ఫ్యాన్ శబ్దం పక్క గదిలోకి వినిపించింది. రెండోసారి అదే పాట, అదే బొమ్మ. `Busy%` అడుగుకు చేరింది, `PkgWatt` అంకె మొదటిసారి కంటే బాగా తక్కువకు దిగిపోయింది, కాసేపటికి ఫ్యాన్ కూడా ఆగింది. వాడు తెర మీది పాట చూడడం మానేసి అంకెలనే చూస్తూ కూర్చున్నాడు.